కాలు తడవకుండా అంచు నడవడం: రెండు ముంపు పటాలను ఒకటి చేసే పద్ధతి

(అమలాపురంలో సర్వే, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మన లంకలకు దాని అర్థమేమిటో ఈ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ముంపు పటాలు గీస్తారు. నిన్న నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఒక పటం, ఇవాళ ఎంతవరకు వచ్చాయో ఇంకొకటి. మర్నాడు నష్టం లెక్క రాసేవాళ్లకు ఈ రెండూ విడివిడిగా అక్కర్లేదు. రెండు రోజుల్లో ఏ ఒక్కరోజైనా తడిసిన నేల మొత్తం ఒకే పటంగా కావాలి. బళ్లో సమితుల పాఠంలో సమ్మేళనం అని చదువుకున్నాం కదా, అదే. అక్కడ సమితిలో అంకెలు ఉండేవి, ఇక్కడ నేల ఉంది.

ఒక్కో ముంపు ఒక్కో బహుభుజి. కంప్యూటరుకు అది బొమ్మ కాదు, వరసగా రాసిన శీర్షాల జాబితా. రెండు జాబితాలు ఇస్తే మూడో జాబితా రావాలి. ఖండన బిందువులు పట్టుకుని, ఒక అంచు మీద నుంచి ఇంకో అంచు మీదకు మారుతూ ఆ మూడో జాబితాను ఎలా రాబట్టాలో ఇవాళ చూద్దాం. ఈ పద్ధతికి మూలరూపం 1977లో వైలర్, ఆథర్టన్ ఇచ్చారు. దాన్ని ఇంకా తేలిక చేసినది 1998 నాటి గ్రైనర్, హార్మన్ పద్ధతి. వాళ్ల పేర్లు గుర్తున్నా లేకపోయినా పర్వాలేదు కానీ నడక మాత్రం గుర్తుండాలి.

ముందు దిశ సంగతి. ముంపు అంచు వెంబడి నడుస్తున్నామనుకోండి. నీళ్లు ఎప్పుడూ మన ఎడమ చేతి వైపే ఉండాలి. అలా చుట్టూ తిరిగి వస్తే అది అపసవ్య దిశ, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశ. రెండు పటాలూ ఈ దిశలోనే రాసి ఉండాలి. ఇక నియమం ఒక్కటే: కాలు తడవకూడదు. నిన్నటి అంచు మీద నడుస్తున్నాం, ఒకచోట ఆ అంచు ఇవాల్టి నీళ్లలోకి దిగుతోంది. అక్కడ ఆగి, ఇవాల్టి అంచు ఎక్కి నడక సాగిస్తాం. అది నిన్నటి నీళ్లలోకి దిగబోయే చోట మళ్లీ నిన్నటి అంచు ఎక్కుతాం. బయలుదేరిన చోటికి వచ్చేస్తే ఒక రింగు పూర్తయినట్టు.

ఇప్పుడు అంకెలు వేసుకుని చేద్దాం, కాగితం తీసుకోండి. ఈ లంక మనం ఊహించుకున్నదే. కొలతలు మీటర్లలో ఉన్నాయి.

నిన్నటి ముంపు ఏటి పక్కన పొడుగ్గా ఉన్న దీర్ఘచతురస్రం. శీర్షాలు (0,0), (100,0), (100,40), (0,40). ఇవాళ నీళ్లు పైనుంచి మళ్లి, మధ్యలో ఉన్న మెరకను మూడు వైపులా చుట్టి, రెండు కాళ్లుగా కిందికి దిగాయి. శీర్షాలు (20,30), (40,30), (40,70), (70,70), (70,30), (90,30), (90,100), (20,100). కాగితం మీద గీస్తే తిరగేసిన పీటలా ఉండదు, మామూలుగా కాళ్ల మీద నిలబడ్డ పీటలా ఉంటుంది. ఆ కాళ్లు నిన్నటి ముంపులోకి 10 మీటర్లు దిగి ఉన్నాయి. రెండు కాళ్ల నడుమ, నిన్నటి ముంపుకు పైన, 30 మీటర్ల పొడవూ 30 మీటర్ల వెడల్పూ ఉన్న మెరక రెండు రోజులూ తడవలేదు. పశువులను తోలుకుపోయి కట్టేసేది అలాంటి చోటే. పటంలో అది తప్పిపోకూడదు.

మొదటి పని ఖండన బిందువులు. నిన్నటి ప్రతి అంచునూ ఇవాల్టి ప్రతి అంచుతో పోల్చాలి. 4 అంచులు, 8 అంచులు, మొత్తం 32 జతలు. ఒక్కో జతకు చేసే లెక్క ఇది:

```
cross(u, v) = u.x*v.y - u.y*v.x
d = p2 - p1        # నిన్నటి అంచు
e = q2 - q1        # ఇవాల్టి అంచు
t = cross(q1 - p1, e) / cross(d, e)
s = cross(q1 - p1, d) / cross(d, e)
```

`t`, `s` రెండూ 0కీ 1కీ మధ్య ఉంటేనే ఆ రెండు అంచులు నిజంగా ఒకదాన్నొకటి కోసుకున్నట్టు. `t` అంటే నిన్నటి అంచు మీద ఎంత దూరం నడిచాక ఆ బిందువు వస్తుందో చెప్పే భాగం, `s` అంటే ఇవాల్టి అంచు మీద అదే. `cross(d, e)` సున్నా అయితే రెండు అంచులూ సమాంతరం, దాని గొడవ తర్వాత చూద్దాం.

మన ఉదాహరణలో కోతలన్నీ నిన్నటి పై అంచు మీదే పడతాయి. ఆ అంచు (100,40) నుంచి (0,40) దాకా, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దాని మీద నాలుగు బిందువులు: క (90,40), ఖ (70,40), గ (40,40), ఘ (20,40). `t` విలువలు వరసగా 0.1, 0.3, 0.6, 0.8.

రెండో పని, ఈ నాలుగింటినీ రెండు జాబితాల్లోనూ వాటి వాటి చోట్ల ఇరికించడం. నిన్నటి జాబితా ఇలా అవుతుంది: (0,0), (100,0), (100,40), క, ఖ, గ, ఘ, (0,40). ఇవాల్టి జాబితాలో వరస వేరు: (20,30), (40,30), గ, (40,70), (70,70), ఖ, (70,30), (90,30), క, (90,100), (20,100), ఘ. ఒకే బిందువు రెండు జాబితాల్లో ఉంది కాబట్టి రెండింటికీ మధ్య ఒక లంకె పెట్టాలి, ఈ జాబితాలో ఉన్న క ఆ జాబితాలో ఫలానా స్థానంలో ఉంది అని. బిందువును ఒక్కసారే లెక్కకట్టి రెండు చోట్లా అదే విలువ వాడండి. `t` తో ఒకసారి, `s` తో ఒకసారి లెక్కకడితే చివరి దశాంశ స్థానాల్లో తేడా వచ్చి, `==` తో పోల్చినప్పుడు రెండూ ఒకటి కావంటుంది. అక్కడ నడక తెగిపోతుంది.

మూడో పని నడక. బయలుదేరే బిందువు ఇంకో ముంపుకు బయట ఉండాలి. (0,0) ఇవాల్టి నీళ్లలో లేదు, కాబట్టి అక్కడి నుంచి మొదలు. (0,0), (100,0), (100,40), తర్వాత క వచ్చింది. క దాటితే నిన్నటి అంచు ఇవాల్టి కుడి కాలిలోకి దిగుతుంది. మారాలి. ఇవాల్టి జాబితాలో క తర్వాత ఉన్నది (90,100), ఆపైన (20,100), తర్వాత ఘ. ఇక్కడ ఇవాల్టి అంచు నిన్నటి నీళ్లలోకి దిగబోతోంది. మళ్లీ మారాలి. నిన్నటి జాబితాలో ఘ తర్వాత (0,40), ఆపైన (0,0). రింగు మూసుకుంది.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అయిపోయిందనుకుంటారు. కానీ ఖ, గ ఇంకా మిగిలే ఉన్నాయి. ముట్టుకోని ఖండన బిందువు ఒక్కటి మిగిలినా ఇంకో రింగు ఉన్నట్టే. ఖ నుంచి మొదలుపెడదాం. అక్కడ నిన్నటి అంచు ఇవాల్టి కాలిలోంచి బయటికి వస్తోంది కాబట్టి నిన్నటి జాబితాలోనే ముందుకెళ్తాం: ఖ (70,40), గ (40,40). గ దగ్గర ఎడమ కాలిలోకి దిగబోతోంది, మారాలి. ఇవాల్టి జాబితాలో (40,70), (70,70), తర్వాత ఖ. మూసుకుంది.

ఈ రెండో రింగును కాగితం మీద వేలితో గీసి చూడండి. ఎడమకు, పైకి, కుడికి, కిందికి. సవ్య దిశ. మనం ఎక్కడా నియమం తప్పలేదు, నీళ్లు ఎడమ చేతి వైపే ఉన్నాయి, అయినా తిరిగిన దిశ మారింది. ఎందుకంటే ఇది నీళ్ల చుట్టూ తిరగడం కాదు, మెరక చుట్టూ తిరగడం. సవ్య దిశలో వచ్చిన రింగు ఎప్పుడూ రంధ్రమే. దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు, వైశాల్యం సూత్రమే గుర్తుతో సహా చెప్పేస్తుంది:

```
area = 0.5 * sum(x[i]*y[i+1] - x[i+1]*y[i])   # చివరి శీర్షం తర్వాత మళ్లీ మొదటిది
```

బయటి రింగుకు +8200 చదరపు మీటర్లు, లోపలి రింగుకు -900. మొత్తం 7300. సరిచూసుకుందాం. నిన్నటి ముంపు 4000, ఇవాల్టిది 3700. రెండింటిలోనూ ఉన్నది రెండు కాళ్ల చివరలు, ఒక్కోటి 20 పొడవు 10 వెడల్పు, కలిపి 400. 4000, 3700 కూడి 400 తీసేస్తే 7300. సరిపోయింది. మన లెక్కలో చెప్పాలంటే సుమారు ఎకరం 80 సెంట్లు. రెండో రింగు మర్చిపోతే 8200 వచ్చేది, 22 సెంట్ల పొడి నేల ముంపులో కలిసిపోయేది. అదీ పశువులు నిలబడ్డ నేల.

ఒక సంగతి గమనించారా? దారిలో తగిలిన ప్రతి ఖండన బిందువు దగ్గరా మారాం. ఎక్కడా ఇక్కడ మారాలా వద్దా అని తేల్చుకోవలసిన పని పడలేదు. రెండూ అపసవ్య దిశలో ఉండి, కోతలన్నీ నిజమైన కోతలైతే ఎప్పుడూ అంతే. సమ్మేళనానికీ ఛేదనానికీ తేడా మొదలుపెట్టే చోటులోనే ఉంది. పొడి అంచు మీద మొదలుపెడితే సమ్మేళనం వస్తుంది. ఇంకో ముంపు లోపల ఉన్న అంచు మీద మొదలుపెడితే, అదే నడక, అవే మార్పులు, వచ్చేది ఛేదనం. (20,30) నుంచి మొదలుపెట్టి ఇంటి దగ్గర చేసి చూడండి, ఎడమ కాలి చివరి ముక్క 200 చదరపు మీటర్లు వస్తుంది.

ఇక తప్పులు. మూడు చెప్తాను, మూడూ ఈ లంక మీదే.

మొదటిది దిశ తప్పడం. ఇవాల్టి జాబితా సవ్య దిశలో రాసి ఉందనుకోండి. క దగ్గర మారి ముందుకెళ్తే పైకి (90,100) కు బదులు కిందికి (90,30) కు పోతాం. అక్కడి నుంచి (70,30), ఖ, గ, (40,30), (20,30), ఘ, (0,40). రింగు చక్కగా మూసుకుంటుంది, ప్రోగ్రాం ఏ ఫిర్యాదూ చేయదు. కానీ వైశాల్యం 3600. ఇది సమ్మేళనం కాదు, నిన్నటి ముంపులోంచి ఇవాల్టిది తీసేస్తే మిగిలింది. రెండింటినీ కలిపినది వాటిలో పెద్దదానికన్నా చిన్నది ఎలా అవుతుంది? నిన్నటిదే 4000 కదా. అలా వచ్చిందంటే ముందు దిశ చూడండి. అసలు మొదట్లోనే రెండింటి వైశాల్యం గుర్తు చూసి, రుణం వస్తే జాబితాను తిరగేయడం మంచిది.

రెండోది ఇంకా ఇబ్బందైనది, ఎందుకంటే వైశాల్యం దీన్ని పట్టుకోలేదు. ఒకే అంచు మీద నాలుగు కోతలు పడ్డాయి కదా. ఇవాల్టి జాబితా వరసలో వెతుకుతూ పోతే అవి మనకు దొరికే వరస గ, ఖ, క, ఘ. దొరికినవి దొరికినట్టే నిన్నటి జాబితాలో చేర్చేస్తే, `t` ప్రకారం పేర్చకపోతే ఏమవుతుంది? (100,40) తర్వాత నేరుగా గ కు దూకుతాం. అక్కడ మారి (40,70), (70,70), ఖ. మారితే నిన్నటి జాబితాలో ఖ తర్వాత క ఉంది. అంటే కుడికి వెనక్కి వస్తాం. క దగ్గర మారి (90,100), (20,100), ఘ, (0,40). ఒక్కటే రింగు. వైశాల్యం ఎంతో కట్టి చూడండి. 7300! సరిగ్గా రావలసిందే వచ్చింది. ఎందుకంటే 70కీ 90కీ మధ్య ముక్క మీద ఒకసారి వెళ్లి, ఒకసారి వచ్చాం, గుర్తులు రెండూ కొట్టేసుకున్నాయి. అంకె ఒప్పు, ఆకారం తప్పు. దీన్ని పటంలో చూస్తే రంధ్రానికీ బయటి గీతకూ మధ్య వెంట్రుక లాంటి గీత కనిపిస్తుంది. రంధ్రాల సంఖ్య సున్నా అని వస్తుంది. సరిహద్దు చెల్లదని తనిఖీలో తేలుతుంది. మందు ఒక్కటే: ఒక్కో అంచుకూ దాని కోతలన్నీ ముందు పోగేసి, `t` ప్రకారం పేర్చి, అప్పుడు జాబితాలోకి చేర్చాలి. ఇవాల్టి అంచులకు `s` ప్రకారం అలాగే.

మూడోది, మన పనిలో రోజూ తగిలేది. ఇవాల్టి కాళ్లు నిన్నటి ముంపులోకి 10 మీటర్లు దిగాయన్నాం. అవి దిగకుండా సరిగ్గా 40 దగ్గరే ఆగితే? అంటే (20,30) కు బదులు (20,40), (40,30) కు బదులు (40,40), మిగతా రెండూ అలాగే. ఇది అరుదుగా జరిగేది కదా అనుకోకండి. ముంపు పటాలు చాలావరకు ఉపగ్రహ చిత్రాల నుంచి వస్తాయి. 10 మీటర్ల గడుల చిత్రం నుంచి అంచు గీస్తే ప్రతి శీర్షం 10 మీటర్ల గడి మూల మీదే పడుతుంది. అప్పుడు అంచు మీద అంచు పడటమే మామూలు, నిజమైన కోత పడటమే అరుదు.

ఈ సందర్భంలో మన లెక్కకు ఒక్క కోత కూడా దొరకదు. పై అంచూ కాళ్ల అడుగులూ సమాంతరం, `cross(d, e)` సున్నా. కాళ్ల పక్క అంచులు పై అంచును చివరి బిందువు దగ్గర మాత్రమే తాకుతాయి, `s` సరిగ్గా 0 లేదా 1. హద్దులను కూడా కోతగా లెక్కపెడదాం అంటారా? అప్పుడు శీర్షం మీద పడ్డ ఒకే బిందువు, దానికి అటొకటి ఇటొకటి ఉన్న రెండు అంచుల్లోనూ దొరికి రెండుసార్లు నమోదవుతుంది. లోపలికి, బయటికి, లోపలికి, బయటికి అని వంతులవారీగా గుర్తులు వేసుకుంటూ పోయే పద్ధతిలో ఒక్క బిందువు ఎక్కువైనా తక్కువైనా ఆ తర్వాతి గుర్తులన్నీ తారుమారు. దీనికి తేలికైన గుర్తింపు ఉంది. రెండు మూసిన అంచులు నిజంగా కోసుకునే బిందువుల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే. లోపలికి దిగినది బయటికి రాక తప్పదు. బేసి సంఖ్య వచ్చిందంటే నడక మొదలుపెట్టకండి, ఎక్కడో తాకుడును కోతగా రాసుకున్నారు.

పాత పద్ధతి శీర్షాన్ని కాస్త పక్కకు జరపమంటుంది, మిల్లీమీటరులో కొంత. పైకి జరిపితే ముంపుల మధ్య చీలిక పడుతుంది, మెరక చుట్టూ రంధ్రం కాస్తా ఆ చీలిక గుండా బయటికి తెరుచుకుంటుంది. కిందికి జరిపితే సరైన రింగులే వస్తాయి కానీ, ఏ శీర్షాన్ని ఎటు జరపాలో వేల శీర్షాలకు ఎవరు చెప్పాలి? గడుల పటాలకు ఇది పనికిరాదని నా అభిప్రాయం.

దానికన్నా నమ్మకమైన దారి, బిందువులకు గుర్తులు వేయడం మానేసి ముక్కలకు వేయడం. తాకుళ్లు, కోతలు, అంచు మీద పడ్డ అంచుల చివరలు, అన్నిటి దగ్గరా రెండు సరిహద్దులనూ ముక్కలు చేయండి. ఇప్పుడు ఒక ముక్క ఇంకో ముంపుకు పూర్తిగా బయట ఉంటుంది, లేదా లోపల ఉంటుంది, లేదా దాని అంచు మీదే పడి ఉంటుంది. నాలుగో మాట లేదు. అంచు మీద పడ్డవి మళ్లీ రెండు రకాలు. రెండూ ఒకే దిశలో నడుస్తుంటే నీళ్లు రెండింటికీ ఒకే వైపు ఉన్నట్టు. ఎదురెదురుగా నడుస్తుంటే చెరో వైపు నీళ్లు ఉన్నట్టు, అంటే ఆ గీత నీళ్ల మధ్యలో ఉంది. సమ్మేళనానికి బయటి ముక్కలన్నీ ఉంచాలి, లోపలివి తీసేయాలి, ఒకే దిశలో కలిసినవాటిలో ఒకదాన్ని ఉంచాలి, ఎదురు దిశలో కలిసినవి రెండూ తీసేయాలి.

మన లంకకు వేసి చూద్దాం. నిన్నటి పై అంచు అయిదు ముక్కలైంది. 100 నుంచి 90 బయట, ఉంచాం. 90 నుంచి 70 కుడి కాలి అడుగుతో కలిసింది. కాలి అడుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, మనది కుడి నుంచి ఎడమకు. ఎదురు దిశ, రెండూ తీసేశాం. 70 నుంచి 40 బయట, ఉంచాం. 40 నుంచి 20 మళ్లీ ఎదురు, తీసేశాం. 20 నుంచి 0 ఉంచాం. ఇవాల్టి అంచులో అడుగులు పోగా మిగిలినవన్నీ బయటే. ఇక ఒక ముక్క ఎక్కడ ముగిస్తే అక్కడ మొదలయ్యే ముక్కను అతికించుకుంటూ పోతే ఇందాక వచ్చిన రెండు రింగులే వస్తాయి. ఇవాల్టి ముంపు ఇప్పుడు 3300, నిన్నటిది 4000, ఉమ్మడిగా ఏమీ లేదు, మొత్తం 7300. అదే అంకె.

ఒక ముక్క లోపలో బయటో ఎలా తెలుసుకోవాలి? దాని మధ్య బిందువును తీసుకుని పరీక్షించండి. చివరి బిందువులను పరీక్షించకండి, అవి రెండో ముంపు అంచు మీదే పడి ఉంటాయి, జవాబు అటూ ఇటూ ఊగుతుంది.

(సభలో ఒకరు: మూలలు మాత్రమే తాకితే ఏం చేయాలండీ? గడుల పటంలో ఒక గడి మూల ఇంకో గడి మూలకు తగిలితే?)

మంచి ప్రశ్న అడిగారు. అప్పుడు ఆ మూల దగ్గర బయలుదేరే ముక్కలు రెండు ఉంటాయి, ఏది ఎక్కాలో తెలియదు. ఎడమకు ఎక్కువగా తిరిగే ముక్కను ఎంచుకోండి. నీళ్లు ఎడమ వైపు కాబట్టి అలా తిరిగితే మన గడి చుట్టూనే ఉంటాం, ఎదుటి గడిలోకి పోం. రెండు వేరు రింగులు వస్తాయి, ఒకదాన్నొకటి ఒక్క బిందువు దగ్గర తాకుతూ. అయితే ఒకే ముంపు వంకర తిరిగి తన మూలనే తాకిందనుకోండి, ఎడమకు తిరిగినా రింగు ఆ బిందువు గుండా రెండుసార్లు పోతుంది. అందుకని రింగు అయ్యాక ఏ శీర్షమైనా రెండుసార్లు వచ్చిందేమో చూసి, వస్తే ఆ రెండింటి మధ్య ఉన్న చుట్టును అక్కడే కోసి వేరే రింగుగా రాసుకోండి. దాని దిశ చూస్తే అది నీళ్లో మెరకో తెలిసిపోతుంది.

(ఇంకొకరు: ఒక్క ఖండన బిందువూ లేకపోతే?)

తాకుళ్లు కూడా లేవంటే మూడే సంగతులు. నిన్నటిది ఇవాల్టిలో పూర్తిగా మునిగి ఉంది, ఇవాల్టిది నిన్నటిలో ఉంది, లేదా రెండూ వేరువేరు చోట్ల ఉన్నాయి. ఒక్కోదాని నుంచి ఒక్క శీర్షం పరీక్షిస్తే చాలు. మునిగి ఉంటే పెద్దదాన్ని ఇచ్చేయండి, వేరుగా ఉంటే రెండింటినీ రెండు భాగాలుగా ఇవ్వండి. ఒక్క జాగ్రత్త. నిన్నటి పటంలో ముందే మెరక రంధ్రం ఉండి, ఇవాల్టి చిన్న ముంపు ఆ రంధ్రంలోనే ఉంటే, బయటి రింగు ఒక్కటే చూసి మునిగింది అనేయకండి. రంధ్రాలను కూడా లెక్కలోకి తీసుకుని పరీక్షించాలి. అప్పుడది బయట ఉన్నట్టే, మెరక మీద కొత్తగా చేరిన నీళ్ల మడుగుగా వేరే రింగు రాయాలి.